కుర్తీని బిగుతుగా, వదులుగా చూపించడం, వెనక గోడ వంగకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ఫోటోషాప్ వాడేవారి కోసం. లెక్కలు చెప్పాల్సిన చోట ఒకే ఫోటోను ఉదాహరణగా తీసుకున్నాం. నిలువుగా తీసిన 4000×6000 పిక్సెళ్ల ఫోటో అది. కిటికీ ముందు ఒక అమ్మాయి కాటన్ కుర్తీ వేసుకుని నిలబడింది. వెనక ఇనుప చువ్వల గ్రిల్, దాని కింద టైల్స్ అతికించిన గోడ. నడుము దగ్గర కుర్తీ వదులుగా ఉంది, కొంచెం బిగించాలి.

## మొదలుపెట్టే ముందు

లిక్విఫైలో నడుమును లోపలికి తోస్తే వెనకున్న కిటికీ చువ్వలు కూడా ఎందుకు వంగిపోతున్నాయి?

ఆ లేయర్‌లో కుర్తీ ఏదో, చువ్వ ఏదో లిక్విఫైకి తెలియదు. అది ఫోటో మీద కనిపించని వల ఒకటి పరిచి ఆ వలను లాగుతుంది. బ్రష్ గుండ్రంలో ఏముంటే అదంతా కదులుతుంది. కుర్తీ అంచు 40 పిక్సెళ్లు లోపలికి వెళ్తే ఆ ఖాళీని నింపడానికి పక్కనున్న గోడ సాగుతుంది. పచ్చిక, ఆకులు, మసకబారిన దూరపు చెట్లు సాగినా కన్ను పట్టుకోదు. చువ్వలు, తలుపు చట్రం, టైల్స్ మధ్య గీతలు, మెట్లు, సముద్రం అంచు వంటి తిన్నని గీతలు మాత్రం రెండు మూడు పిక్సెళ్లు వంగినా ఫోటోను పట్టించేస్తాయి.

కాబట్టి బ్రష్‌ను ఎంత జాగ్రత్తగా తిప్పినా ఇది పూర్తిగా తీరదు. వంచే లేయర్‌లో గోడ అసలు లేకుండా చూసుకోవాలి. మనిషిని విడి లేయర్‌గా తీసి, ఆమె వెనక గోడను ముందే నింపి, ఆ తర్వాత మనిషి లేయర్‌ను మాత్రమే వంచాలి.

బిగించడం, వదులు చేయడం ఒకే పనా? దిశ మార్చి తోస్తే సరిపోదా?

సరిపోదు. వదులు చేసినప్పుడు బట్ట బయటికి వచ్చి గోడను కప్పేస్తుంది, కొత్తగా గోడ అక్కర్లేదు. బిగించినప్పుడు బట్ట లోపలికి జరిగి, ఇప్పటిదాకా దాని వెనక దాగిన గోడ బయటపడుతుంది. కెమెరా ఆ గోడను చూడలేదు కాబట్టి మనమే తయారు చేయాలి. అందువల్ల బిగించే పనిలో సగం శ్రమ గోడ మీదే పోతుంది.

బట్ట విషయంలో ఇది తిరగబడుతుంది. బిగించడానికి ఉన్న బట్టే చాలు. వదులు చేయాలంటే లేని బట్టను పుట్టించాలి, కొత్త మడతలు, వాటి నీడలు గీయాలి. మంచి కాటన్ బట్టను నమ్మేలా వదులు చేయడం బిగించడం కన్నా చాలా కష్టం.

ఎన్ని పిక్సెళ్లు తోయొచ్చు? కొలత ఎలా తెలుస్తుంది?

ముందు పిక్సెళ్లను సెంటీమీటర్లలోకి మార్చండి. ఉదాహరణ ఫోటోలో అమ్మాయి తల నుంచి పాదాల వరకు 4800 పిక్సెళ్లు ఉందనుకుందాం. ఆమె ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లయితే ఒక సెంటీమీటరుకు 30 పిక్సెళ్లు. నడుముకి రెండు వైపులా 40 పిక్సెళ్ల చొప్పున లోపలికి తోస్తే ఒక్కో వైపు 1.3 సెంటీమీటర్లు తగ్గినట్టు. చూడటానికి ఇది చిన్న సంఖ్యే. కానీ నడుము గుండ్రం కాబట్టి రెండు వైపులా కలిపి చుట్టుకొలతలో అది 8 సెంటీమీటర్లు దాటుతుంది. దర్జీ లెక్కలో మూడు ఇంచులకు పైగా కుట్టు పట్టినట్టే.

ఒక్కో వైపు 2 సెంటీమీటర్లు దాటితే, అంటే ఈ ఫోటోలో 60 పిక్సెళ్లు మించితే, బట్ట బిగిసినట్టు కాక మనిషి చిక్కినట్టు కనిపించడం మొదలవుతుంది. భుజాలు, మెడ, ముంజేతులు అంతే ఉండి నడుము ఒక్కటే తగ్గితే చూసేవారికి తేడా తెలిసిపోతుంది. ఇంకో హద్దు కూడా ఉంది. లోపలున్న శరీరం కన్నా బట్ట సన్నబడదు. ఫోటోలో ఒక చోటైనా బట్ట ఒంటికి ఆనుకుని ఉంటే ఆ అంచును గమనించండి. మిగతా అంచులను దాని కన్నా లోపలికి తీసుకెళ్లకూడదు.

ఫోటో తీసేటప్పుడే ఈ బాధ తగ్గించుకునే దారి ఉందా?

ఉంది, అదే మేలైన దారి. వీపు వైపు బట్టను పట్టి రెండు మూడు క్లిప్పులు పెడితే ముందు నుంచి నడుము బిగుతుగా కనిపిస్తుంది. పైగా బిగిసిన బట్టకు ఉండే ముడతలు, నీడలు నిజంగానే పడతాయి. క్లిప్పులను వెన్నెముక గీత మీద నిలువుగా, ఒకదాని కింద ఒకటి పెట్టాలి. ఒకే క్లిప్పు పెడితే ముందు భాగంలో అడ్డ ముడతలన్నీ ఒకే చోటుకు లాగినట్టు పడతాయి. కెమెరా కదలకుండా స్టాండు మీద ఉంటే మనిషి పక్కకు తప్పుకున్నాక ఖాళీ గోడను ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఫోకస్, వెలుతురు సెట్టింగులు మార్చవద్దు. తర్వాత బిగించాల్సి వస్తే మనిషి వెనక వేయడానికి నిజమైన గోడే దొరుకుతుంది.

## లేయర్లు సిద్ధం చేసుకోవడం

మనిషిని విడి లేయర్‌గా తీసే సరైన పద్ధతి ఏది?

ముందు అసలు లేయర్‌ను Ctrl+J తో నకలు చేసుకోండి. Select మెనూలో Subject ఎంచుకుంటే మనిషి చుట్టూ రమారమి గీత పడుతుంది. జుట్టు దగ్గర అది తడబడినా ఫర్వాలేదు, జుట్టును మనం కదపడం లేదు. నడుము, చంక, కుర్తీ పక్క అంచులు మాత్రం కచ్చితంగా ఉండాలి. ఆ భాగాన్ని 200 శాతం పెద్దది చేసి, పెన్ టూల్‌తో అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలగా గీసుకోవడం మంచిది. అంచు మీదే గీస్తే గోడ రంగు సన్నని పోగులా బట్టతో పాటు వచ్చేస్తుంది.

ఆ ఎంపికను 0.5 పిక్సెల్ మెత్తబరిచి, మళ్లీ Ctrl+J నొక్కితే మనిషి ఒక్కతే కొత్త లేయర్‌లోకి వస్తుంది. ఆ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Convert to Smart Object ఎంచుకోండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద లిక్విఫై వాడితే రేపు మళ్లీ తెరిచి, ఇవాళ ఆపిన చోటు నుంచే సరిచేసుకోవచ్చు. మామూలు లేయర్‌లో ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కకట్టబడి బట్ట నేత కొంచెం కొంచెంగా మసకబారుతుంది.

వెనక గోడ మొత్తం కొత్తగా తయారు చేయాలా?

అక్కర్లేదు. అమ్మాయి వెనక గోడంతా నింపాలని కూర్చుంటే అనవసరంగా గంటలు పోతాయి. బయటపడేది అంచు పక్కన సన్నని పట్టీ మాత్రమే. 40 పిక్సెళ్లు లోపలికి తోస్తున్నారంటే, అంచు నుంచి లోపలికి 70 లేదా 80 పిక్సెళ్ల వెడల్పు గోడ ఉంటే చాలు.

మనిషి లేయర్ కింద అసలు ఫోటో నకలు ఒకటి పెట్టండి. కుర్తీ అంచు వెంబడి ఆ పట్టీని ఎంపిక చేయండి. ఎంపిక కుర్తీ బయటికి కూడా 15 పిక్సెళ్లు వచ్చేలా ఉండాలి, లేకపోతే పాత అంచు దెయ్యంలా గోడ మీద మిగిలిపోతుంది. Edit మెనూలో Content-Aware Fill తెరవండి. పచ్చగా కనిపించే భాగం నుంచే అది నమూనా తీసుకుంటుంది. అక్కడ కుర్తీ మీదా చేతుల మీదా ఉన్న పచ్చదనాన్ని చెరిపేయండి, లేకపోతే గోడ మధ్యలో బట్ట ముక్కలు వస్తాయి. Output To దగ్గర New Layer ఎంచుకోండి.

సున్నం గోడకు, చెట్లకు ఇది చాలు. కిటికీ చువ్వల వంటి వరసైన వాటికి మాత్రం దీన్ని నమ్మొద్దు, చువ్వ మధ్యలో విరిగినట్టు వస్తుంది. ఖాళీగా ఉన్న పక్క గడిలోంచి చువ్వను ఎంపిక చేసి, Ctrl+J తో తీసి, మూవ్ టూల్‌తో జరిపి, కిందా పైనా ఉన్న అసలు చువ్వతో గీత కలిసేలా అమర్చండి. టైల్స్‌కూ ఇదే పద్ధతి. కెమెరా కొంచెం పక్క నుంచి చూస్తే చువ్వలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. అప్పుడు Ctrl+T నొక్కి ఒక డిగ్రీలోపు తిప్పాల్సి రావచ్చు.

మాస్క్ పెట్టాను. లిక్విఫైలో బట్ట బయటికి వచ్చింది, కానీ ఓకే కొట్టాక పాత అంచు దగ్గరే కోసేసినట్టు ఉంది. ఏమైంది?

బట్ట కదిలింది, మాస్క్ కదలలేదు. లేయర్ మాస్క్‌తో మనిషిని వేరు చేసినప్పుడు లిక్విఫై పిక్సెళ్లనే వంచుతుంది, మాస్క్ పాత ఆకారంలోనే నిలబడుతుంది. వదులు చేస్తే బయటికొచ్చిన బట్టను అది కోసేస్తుంది. బిగిస్తే ఇంకో తప్పు జరుగుతుంది. మాస్క్ వెనక దాగిన పాత గోడ కుర్తీతో పాటు లోపలికి జారి అంచు పక్కన వంకరగా కనిపిస్తుంది.

మాస్క్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Apply Layer Mask నొక్కండి, ఆ తర్వాతే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి. మార్చాక Layers ప్యానెల్‌లో ఆ లేయర్ పక్కన మాస్క్ బొమ్మ ఉండకూడదు. అప్పుడు అంచు, బట్ట ఒకటిగా కదులుతాయి.

ఇంత చేయడం కన్నా లిక్విఫైలోనే ఫ్రీజ్ మాస్క్‌తో గోడను కప్పేస్తే చాలదా?

వదులు చేసేటప్పుడూ చాలదు, బిగించేటప్పుడూ చాలదు. ఫ్రీజ్ చేసిన చోటు కదలదన్నది నిజమే. కానీ కుర్తీ అంచు దాకా గోడను ఫ్రీజ్ చేసి, అంచును లోపలికి తోస్తే మధ్యలో ఖాళీ రాదు. అంచు దగ్గరి బట్టే సాగి ఆ చోటును నింపుతుంది. అంచు ఉన్నచోటే ఉండి లోపలి ప్రింట్ మాత్రం జరుగుతుంది. అంచుకు కొంచెం దూరంగా ఫ్రీజ్ చేస్తే మధ్యలో ఉన్న గోడ పట్టీ సాగుతుంది.

అయినా ఫ్రీజ్ మాస్క్ అవసరం లేదని కాదు. దాని అసలు ఉపయోగం శరీరం మీద. చేతులు, మెడలో గొలుసు, గాజులు, దుపట్టా అంచు, బొత్తాలు కదలకుండా ఉండాలంటే F నొక్కి వాటి మీద ఎర్రగా పూయండి, ఎక్కువైతే D నొక్కి చెరపండి. చుట్టూ ఆకులు, పచ్చిక మాత్రమే ఉండి ఐదారు పిక్సెళ్ల మార్పు చాలనుకుంటే లేయర్లు విడదీయకుండా ఇదొక్కటే సరిపోతుంది.

## బిగించడం

ఏ టూల్, ఏ బ్రష్ సైజు, ఎంత ఒత్తిడి పెట్టాలి?

Filter మెనూలో Liquify తెరవండి, లేదా Shift+Ctrl+X నొక్కండి. Show Backdrop దగ్గర టిక్ పెట్టి, Use దగ్గర All Layers, Mode దగ్గర Behind ఎంచుకోండి. కింద నింపిన గోడ వెనక కనిపిస్తుంటే అంచు ఎక్కడికి వచ్చిందో సరిగ్గా తెలుస్తుంది.

W నొక్కి Forward Warp Tool తీసుకోండి. చాలామంది ఇక్కడ 100 పిక్సెళ్ల చిన్న బ్రష్‌తో మొదలుపెడతారు. దానితో అంచు అలలు అలలుగా తయారవుతుంది. నడుము వంపు ఎంత పొడవుందో బ్రష్ అంతకు దగ్గరగా ఉండాలి. ఉదాహరణ ఫోటోలో చంక కింది నుంచి తుంటి వరకు సుమారు 1000 పిక్సెళ్లు ఉంటుంది. కాబట్టి Size 800 నుంచి 900, Pressure 25, Density 50 పెట్టి మొదలుపెట్టవచ్చు.

బ్రష్ మధ్య బిందువును కుర్తీ అంచుకు కొద్దిగా బయట ఉంచి, నడుము మధ్య వైపుకు పొట్టిగా తోయండి. Pressure తక్కువ కాబట్టి ఒక్కో తోపుకు అంచు కొద్దిగానే జరుగుతుంది. ముందు నడుము సన్నగా ఉన్న చోట, తర్వాత దాని పైన, కింద తోస్తూ పోతే వంపు మెత్తగా వస్తుంది. ఒక్క తోపులోనే 40 పిక్సెళ్లు జరపాలని చూస్తే అక్కడ గుంట పడుతుంది. పడితే E నొక్కి Smooth Tool తో ఒకసారి రుద్దండి, ఎక్కువైన చోట R నొక్కి Reconstruct Tool తో కొంత వెనక్కి తెచ్చుకోండి. మధ్య మధ్యలో P నొక్కి ముందూ వెనకా పోల్చి చూసుకోవాలి.

రెండు వైపులా సమానంగా తగ్గించాలన్న నియమం లేదు. బరువు ఒక కాలి మీద వేసి నిలబడితే తుంటి బయటికి వచ్చిన వైపు బట్ట ముందే ఒంటికి ఆనుకుని ఉంటుంది. అక్కడ 10 పిక్సెళ్లు, వదులుగా వేలాడే రెండో వైపు 50 పిక్సెళ్లు తగ్గించడమే సహజం.

చేయి నడుముకి ఆనుకుని ఉంది. నడుము తోస్తే మోచెయ్యి కూడా సన్నబడుతోంది. ఎలా ఆపాలి?

చేయిని ఫ్రీజ్ చేస్తే దాని ఆకారం నిలుస్తుంది కానీ, చేతికి నడుముకి మధ్య బట్ట సాగుతుంది. చేయిని కూడా విడి లేయర్‌గా తీసి అన్నిటికన్నా పైన పెట్టండి. దాని కిందున్న లేయర్‌లో నడుమును హాయిగా తోయవచ్చు. చేయి ఉన్నచోటే ఉంటుంది, బట్ట దాని వెనకగా లోపలికి జరుగుతుంది. కింది లేయర్‌లో పాత చేయి మిగిలి ఉంటుంది, అది తొంగి చూసిన చోట చెరిపేయాలి.

ఇప్పుడు చేతికి, నడుముకి మధ్య కొత్తగా సన్నని సందు ఏర్పడుతుంది, అందులోంచి గోడ కనబడాలి. ఆ సందులో చువ్వ వస్తుందా, టైల్ వస్తుందా అన్నది పైకీ కిందికీ గీత పొడిగించి చూసుకోండి. చేయి అంతకుముందు కుర్తీ మీద వేసిన నీడను కూడా కొత్త దూరానికి తగ్గట్టు పలచబరచాలి.

గళ్ల బట్ట, చారలు, పోచంపల్లి ఇక్కత్ ఉన్నప్పుడు గళ్లు నొక్కుకుపోతున్నాయి. దీనికి వేరే దారి ఉందా?

ఉంది. దర్జీ కుర్తీని బిగించేటప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పక్క కుట్టును లోపలికి పట్టేస్తారు. గళ్లు చిన్నవి కావు, అంచు దగ్గరి గళ్లు కుట్టులోకి వెళ్లిపోతాయి. ఫోటోలోనూ అదే చేయాలి. బట్టను వంచకుండా అంచును మాత్రం లోపలికి తీసుకురావాలి.

ఇందుకు మనిషి లేయర్‌కు కొత్త మాస్క్ పెట్టండి. పెన్ టూల్‌తో కొత్త పక్క గీతను, చంక కింది నుంచి తుంటి వరకు మెత్తని వంపుగా గీయండి. ఆ గీత బయటి బట్టను 0.5 పిక్సెల్ మెత్తని అంచుతో మాస్క్‌లో దాచేయండి. ఇక్కత్ నమూనా అంచు దగ్గర తెగుతుంది, నిజమైన కుర్తీలో కూడా అంతే.

ఒక పని మిగిలింది. గుండ్రని ఒంటి మీద బట్ట అంచు వైపు పోయేకొద్దీ వెలుగు తగ్గి, గళ్లు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అంచు కోసేశాక ఆ తిరుగుడు పోయి, బట్ట అట్ట ముక్కలా కనిపిస్తుంది. కొత్త అంచు లోపల 80 పిక్సెళ్ల వెడల్పున Curves లేయర్‌తో కొద్దిగా ముదురు చేయండి. గళ్లు పెద్దవైతే అంచు దగ్గరి చివరి గడిని మాత్రం లిక్విఫైతో ఐదారు పిక్సెళ్లు నొక్కవచ్చు. మంగళగిరి చీరల నిజాం అంచు వంటి జరీ అంచులకు కూడా ఇదే నియమం. జరీ వెడల్పు ఎక్కడా మారకూడదు, ఎందుకంటే చీర గురించి తెలిసినవాళ్లు ముందు చూసేది అదే.

## వదులు చేయడం

వదులు చేస్తే బట్ట రబ్బరులా సాగినట్టు కనిపిస్తోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

సాధారణంగా అంచును మాత్రమే పట్టి బయటికి లాగడం వల్ల ఇలా అవుతుంది. అంచు దగ్గరి 50 పిక్సెళ్ల బట్ట సాగి 100 పిక్సెళ్లు అయితే నేత దారాలు రెట్టింపు లావై కనిపిస్తాయి. అదే కదలికను నడుము మధ్య దాకా పంచితే ఎక్కడా తేడా తెలియదు. బ్రష్ సైజును నడుము వెడల్పులో సగం కన్నా ఎక్కువ పెట్టి, అంచుకు లోపల 200 లేదా 300 పిక్సెళ్ల దూరం నుంచి బయటికి తోయండి.

రెండో కారణం బరువు. వదులైన బట్ట భుజం నుంచో, ఛాతీ దగ్గర నుంచో వేలాడుతుంది. నడుము దగ్గర ఒక్కచోటే ఉబ్బితే లోపల ఏదో దాచుకున్నట్టు ఉంటుంది. ఛాతీ పక్కన బట్ట ఒంటిని వదిలే చోటు నుంచి తుంటి కిందకు దాదాపు నిలువుగా దిగే గీతను ఊహించుకుని, అంచంతా ఆ గీతకు తీసుకురావాలి. కుర్తీకి పక్క చీలిక ఉంటే అది కూడా కొంత బయటికి జరగాలి. రేయాన్, షిఫాన్ ఒంటి వెంట జారతాయి, ఉబ్బవు. గంజి పెట్టిన కాటన్, ఆర్గంజా మాత్రమే ఒంటికి దూరంగా నిలబడతాయి. బట్టకు తగని ఆకారం ఇస్తే ఎంత నున్నగా చేసినా నమ్మకం కుదరదు.

Puppet Warp ఎప్పుడు వాడాలి?

చేతులు, లంగా కింది ఘేరు, దుపట్టా చివర వంటి పొడవైన ముక్కను మొత్తంగా పక్కకు తీయాలన్నప్పుడు అది లిక్విఫై కన్నా శుభ్రంగా పనిచేస్తుంది. Edit మెనూలో ఉంటుంది. కదలకూడని చోట్ల ముందు పిన్నులు గుచ్చండి: నడుము పట్టీ, మోకాలు, పాదం. తర్వాత ఘేరు చివర ఒక పిన్ను పెట్టి లాగండి. పారదర్శకంగా విడదీసిన లేయర్ మీదే వాడాలి. పూర్తి ఫోటో మీద వాడితే గోడ కూడా గుడ్డలా కదులుతుంది.

## మడతలు, వెలుగునీడలు

ఆకారం బాగానే వచ్చింది. అయినా బట్ట బిగిసినట్టు అనిపించడం లేదు. ఏం తక్కువైంది?

చూసేవారు బిగుతును అంచు కన్నా మడతల్లోనే ఎక్కువగా గుర్తుపడతారు. వదులు బట్టలో మడతలు నిలువుగా, వెడల్పుగా, మెత్తని నీడలతో పడతాయి. బిగిసిన బట్టలో బట్ట ఎక్కడ పట్టుకుందో అక్కడి నుంచి సన్నని అడ్డ ముడతలు పుడతాయి. ఛాతీ, బొత్తాలు, తుంటి, చంక అలాంటి చోట్లు. లిక్విఫైతో నడుమును తోసినప్పుడు పాత నిలువు మడతలు పోవు. అవి దగ్గరికి జరిగి ఇంకా ముదురుగా కనిపిస్తాయి. సన్నని నడుము మీద లావు నిలువు మడతలు ఉంటే కంటికి పొంతన కుదరదు.

అందుకని ముందు మడతలు తగ్గించాలి. కొత్త ఖాళీ లేయర్ మీద హీలింగ్ బ్రష్‌తో, Sample దగ్గర Current & Below పెట్టి, లోతైన మడతల్లో ఒకటి రెండింటిని తీసేయండి. అన్నీ తీసేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది. తర్వాత 50 శాతం బూడిద రంగు నింపిన లేయర్‌ను Soft Light లో పెట్టి డాడ్జ్, బర్న్ టూల్స్‌ను Exposure 5 శాతంతో వాడండి. పక్క కుట్టు నుంచి బొడ్డు వైపుకు రెండు మూడు చిన్న ముడతలు గీయండి. ప్రతి ముడతకూ వెలుగు వచ్చే వైపు తెల్లని పక్క, రెండో వైపు నల్లని పక్క ఉండాలి. ఫోటోలో వెలుగు ఎటు నుంచి వస్తుందో ముక్కు నీడ చూస్తే తెలుస్తుంది.

వదులు చేసినప్పుడు దీనికి తలకిందులు. కొత్తగా వచ్చిన బట్టలో ఛాతీ నుంచి కిందికి జారే ఒకటి రెండు నిలువు మడతలు గీయాలి. అవి పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పు కావాలి.

గోడ మీద మనిషి నీడ పడితే దాన్నీ మార్చాలా?

నీడ అంచు స్పష్టంగా ఉంటే మార్చాలి. మనిషి నడుము 40 పిక్సెళ్లు తగ్గి నీడ నడుము అలాగే ఉంటే తెలిసిపోతుంది. నీడను వంచవద్దు, ఎందుకంటే దానితో టైల్స్ కూడా వంగుతాయి. నీడ పడిన చోట Curves తో వెలుగు పెంచి, మాస్క్‌తో కొత్త ఆకారానికి తగ్గట్టు ఆ పట్టీని మాత్రం పక్క గోడ వెలుగుకు కలపండి. మసక నీడను అలాగే వదిలేయవచ్చు.

## పని అయ్యాక

వెనక గోడ నిజంగా కదల్లేదని ఎలా నిర్ధారించుకోవాలి?

అసలు ఫోటో నకలును అన్నిటికన్నా పైన పెట్టి, బ్లెండింగ్ మోడ్‌ను Difference కి మార్చండి. మారని చోటు పూర్తి నలుపుగా కనిపిస్తుంది. చిన్న తేడా కూడా బయటపడాలంటే పైన Levels లేయర్ పెట్టి తెల్ల గుర్తును ఎడమవైపు బాగా జరపండి. కుర్తీ అంచు వెంబడి సన్నని వెలుగు పట్టీ, మీరు గీసిన మడతలు మాత్రమే కనిపిస్తే పని శుభ్రంగా ఉన్నట్టు. అంచుకు దూరంగా చువ్వల మీద జంట గీతలు కనిపిస్తే అక్కడ గోడ కదిలింది, లేదా నింపిన పట్టీ అవసరం కన్నా బయటికి వచ్చింది. అలాంటి చోట అసలు గోడనే మాస్క్‌తో వెనక్కి తెచ్చేయండి. చూడటం అయ్యాక ఆ రెండు లేయర్లను తీసేయడం మరచిపోకండి.

కుర్తీ చుట్టూ సన్నని తెల్ల గీత కనిపిస్తోంది. ఎందుకు?

మనిషిని వేరు చేసినప్పుడు వెనకున్న తెల్ల గోడ రంగు అంచు పిక్సెళ్లలో కలిసిపోయింది. ఇప్పుడు ఆ అంచు ముదురు చువ్వ మీదికి జరగడంతో బయటపడింది. మామూలు లేయరైతే Layer మెనూలో Matting కింద Defringe లో 1 పిక్సెల్ ఇస్తే చాలాసార్లు పోతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే Layers ప్యానెల్‌లో దాని బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిచి, లోపల ఆ పని చేసి సేవ్ చేయండి. లిక్విఫై మార్పు అలాగే ఉంటుంది.

తోసిన చోట బట్ట మిగతా భాగం కన్నా నున్నగా ఉంది. సరిచేయొచ్చా?

సాగిన పిక్సెళ్లలో నేత, ఫోటో గ్రెయిన్ రెండూ పలచబడతాయి. కొద్దిపాటి తేడాకు ఆ చోట మాత్రం Add Noise లో 1 లేదా 2 శాతం, Gaussian, Monochromatic పెట్టి కలిపితే సరిపోతుంది. నేత స్పష్టంగా కనిపించే ఖాదీ, లినెన్ వంటి వాటికి నాయిస్ చాలదు. సాగని చోటి నుంచి బట్టను క్లోన్ స్టాంప్‌తో, దారాల దిశ కలిసేలా తెచ్చి వేయాలి.

ఒకే పోజులో పది ఫోటోలున్నాయి. ప్రతిదానికీ మొదటి నుంచి చేయాలా?

మొదటి ఫోటోలో లిక్విఫై ముగించే ముందు Save Mesh నొక్కి వలను దాచుకోండి. తర్వాతి ఫోటోలో Load Mesh తో తెచ్చుకుని, తేడా ఉన్న చోట సరిచేసుకోండి. ఫోటో సైజు వేరైతే వల దానికి తగ్గట్టు సాగుతుంది. కెమెరా, మనిషి దాదాపు కదలకుండా ఉన్న వరసకే ఇది పనికొస్తుంది. అడుగు పక్కకు వేసినా వల భుజం మీదికి జారుతుంది.

ఫోటోషాప్ లేదు, గింప్‌లో అవుతుందా?

అవుతుంది. మనిషిని విడి లేయర్‌గా తీసి, వెనక గోడను క్లోన్ చేసి నింపడం అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే. గింప్‌లో Warp Transform టూల్‌ను Move pixels పద్ధతిలో వాడండి. ఎక్కువైన చోట Erase warp తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

అమ్మకానికి పెట్టే కుర్తీల ఫోటోలను ఇలా మార్చవచ్చా?

క్లిప్పు జారి ఒకవైపు ఉబ్బిన బట్టను సర్దడం, ఇస్త్రీ ముడత తీయడం వరకు ఇబ్బంది లేదు. కానీ వదులుగా కుట్టిన కుర్తీని ఒంటికి అతుక్కునే కుర్తీలా చూపిస్తే కొన్నవారు ఫోటో చూసి సైజు ఎంచుకుంటారు, ఇంటికొచ్చాక అది వేరేలా ఉంటుంది. వస్తువును తప్పుగా వర్ణించే ప్రకటనను మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగా చూస్తుంది. మోడల్ ఒంటి ఆకారం మార్చడంపై కొన్ని దేశాల్లో వేరే నియమాలున్నాయి. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు నుంచి, నార్వేలో 2022 జులై నుంచి అలాంటి వాణిజ్య చిత్రాల మీద రీటచ్ చేశామని రాయాలి. అక్కడి దుకాణాలకు ఫోటోలు చేసి పంపేవారు, నడుము తగ్గించిన ఫైళ్లు ఏవో క్లయింటుకు రాతపూర్వకంగా చెప్పి పంపండి. కుర్తీ ఫోటో పక్కన ఛాతీ, నడుము, పొడవు కొలతలు ఇంచుల్లో కూడా ఇవ్వండి.